తెల్ల కాన్వాస్ షూస్ పసుపెక్కకుండా, సోల్ ఊడకుండా ఇంట్లో ఉతకడం ఎలా?

తెల్ల కాన్వాస్ షూస్ ఉతికిన వెంటనే, ఇంకా తడిగా ఉన్నప్పుడు, కొత్తవాటిలా కనిపిస్తాయి. అసలు సంగతి ఆరాక బయటపడుతుంది. రబ్బరు అంచుకు సరిగ్గా పైన గుడ్డ మీద లేత పసుపు గీత వస్తుంది. లేసులు దూర్చే రంధ్రాల చుట్టూ మరకలు తేలతాయి. ఉతకడం సరిపోలేదనుకుని మళ్లీ ఇంకాస్త సర్ఫ్ వేసి గట్టిగా రుద్దుతారు. ఈసారి ఆ పసుపు ఇంకా ముదురుతుంది.

ఆ పసుపు మట్టి కాదు. షూ లోపలి నుంచి నీళ్లు బయటికి మోసుకొచ్చిన సరుకు అది. కాన్వాస్ మందమైన నూలు గుడ్డ. షూలో అది ఒక్క పొరతో ఉండదు. లోపల అస్తరు ఉంటుంది, రెండు పొరల మధ్య పల్చగా గమ్ము ఉంటుంది, మడమ దగ్గర గట్టిదనం కోసం అట్ట లాంటిది పెడతారు, కాలి కింద స్పాంజ్ ఉంటుంది. నీళ్లు పోయగానే ఇవన్నీ తడుస్తాయి. సర్ఫ్, పాత చెమట, మట్టి రంగు, అట్టలోని రంగు ఆ నీళ్లలో కరుగుతాయి. ఆరేటప్పుడు నీరు గాలి తగిలే చోటుకు పాకుతూ వచ్చి అక్కడ ఆవిరవుతుంది. మోసుకొచ్చినదంతా గుడ్డ మీదే వదిలేస్తుంది. రబ్బరులోంచి నీరు పోయే వీలు లేదు కాబట్టి షూ అడుగున చేరిన తడంతా రబ్బరు పైనున్న ఆ సన్నటి గుడ్డ అంచు నుంచే బయటపడాలి. అందుకే పసుపు గీత ఎప్పుడూ అక్కడే వస్తుంది.

కాబట్టి ఈ పనిలో రుద్దడం చిన్న భాగం. సబ్బు పూర్తిగా వదిలించడం, సరిగ్గా ఆరబెట్టడం పెద్ద భాగాలు. కింద చెప్పే క్రమంలో కూడా వాటికే ఎక్కువ చోటిస్తాను.

ముందు గమ్మును చూడండి

నీళ్లు ముట్టుకునే ముందు షూను చేతిలోకి తీసుకుని, నడిచేటప్పుడు వేళ్ల దగ్గర మడత పడే చోట మెల్లగా వంచండి. గుడ్డకు, చుట్టూ అంటించిన రబ్బరు పట్టీకి మధ్య సన్నటి నల్ల గీత తెరుచుకుంటే గమ్ము అక్కడ వదలడం మొదలైందన్నమాట. పాత విజిటింగ్ కార్డు మూలను ఆ సందులో పెట్టి చూడండి. కార్డు లోపలికి దిగితే ఆ జతను ఇప్పుడు నీళ్లతో ఉతకొద్దు. సందులోకి సబ్బు నీళ్లు పోతే ఊడిన భాగం ఇంకా పెరుగుతుంది, తర్వాత ఎంత మంచి గమ్ము పెట్టినా సబ్బు పొర మీద అది పట్టదు. అలాంటి జత సంగతి చివర్లో చెబుతాను.

గమ్ముకు ప్రధాన శత్రువు వేడి, తర్వాతిది ఎక్కువసేపు నానడం. మనం కొనే మామూలు షూస్‌లో చాలావాటికి సోల్‌ను గమ్ముతోనే అంటిస్తారు. ఫ్యాక్టరీలో గమ్ము రాసిన సోల్‌ను సుమారు 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేసి, గమ్ము మెత్తబడ్డాక ప్రెస్సులో నొక్కి అతికిస్తారు. అదే వేడి తర్వాత ఎప్పుడు తగిలినా గమ్ము మళ్లీ మెత్తబడుతుంది, కాకపోతే ఈసారి నొక్కిపట్టే ప్రెస్సు ఉండదు. మే నెలలో విజయవాడలో మిట్టమధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. ఆ నేల మీద షూస్ పెడితే గమ్ముకు తగిలేది దాదాపు ఆ ఫ్యాక్టరీ వేడే. హెయిర్ డ్రయ్యర్, పొయ్యి పక్క, ఎండలో ఆపిన కారు అద్దం వెనక, ఇవన్నీ కూడా అలాంటివే.

నీళ్ల విషయంలోనూ ఇది గుర్తుంచుకోవాలి. ఎండాకాలంలో మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి. అందుకే ఉతకడం పొద్దున్నే పెట్టుకోండి. నీళ్లు చల్లగా ఉంటాయి, ఆరడానికి పగలంతా మిగులుతుంది.

ఏ నీళ్లు?

గుంటూరులో చాలా పేటల్లో బోరు నీళ్లే వాడకానికి. విజయవాడలో మున్సిపల్ కుళాయిలో కృష్ణా నీళ్లు వస్తాయి, అపార్ట్‌మెంట్లలో మాత్రం వాటితో పాటు బోరు నీళ్లూ కలుస్తుంటాయి. బోరు నీళ్లలో రెండు ఇబ్బందులు ఉండొచ్చు. ఒకటి కాఠిన్యం. సబ్బు సరిగ్గా నురగ రాదు, వచ్చినా జిడ్డు పొరలా గుడ్డను పట్టుకుంటుంది. రెండోది ఇనుము. అది గుడ్డలో ఆరినప్పుడు తుప్పు రంగు మరకగా మారుతుంది. చాలామంది గమ్ము మరక అనుకునేది నిజానికి ఈ ఇనుము మరకే కావొచ్చు.

మీ నీళ్లలో ఇనుము ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. తెల్ల బకెట్లోకి అప్పుడే మోటారు వేసి పట్టిన నీళ్లు తీసుకుని, మూత లేకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున అడుగున ఎర్రగా, గోధుమ రంగులో సన్నటి పొర పేరితే ఇనుము ఉన్నట్టు. అలాంటి నీళ్లతో మొదటి ఉతుకు కానిచ్చినా ఆఖరి జాడింపుకు వాడొద్దు. ఇంట్లో తాగడానికి తెప్పించుకునే 20 లీటర్ల క్యానులోంచి రెండు మూడు లీటర్లు తీసిపెట్టుకోండి. జతకు అవి సరిపోతాయి.

పొడి మట్టిని పొడిగానే వదిలించాలి

లేసులు తీసేయండి. లోపల కాలి కింద ఉండే మెత్త ఊడి వచ్చేదైతే దాన్నీ తీయండి. లేసులను విడిగా ఒక గిన్నెలో సబ్బు నీళ్లలో నానబెట్టొచ్చు, వాటికి గమ్ము బాధ లేదు. మెత్తను మాత్రం నానబెట్టకుండా తడి గుడ్డతో తుడవండి. స్పాంజ్ నీళ్లు తాగితే ఆరడానికి రోజులు పడుతుంది, వాసన కూడా పట్టుకుంటుంది.

తర్వాత మట్టి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో తిరిగిన షూస్‌కు ఇది చాలా ముఖ్యం. ఆ మట్టి రేణువులు మరీ సన్నవి. తడిగా ఉన్నప్పుడు ఉబ్బి జిగురులా ఉంటాయి, గుడ్డతో తుడిస్తే నేత సందుల్లోకి దూరతాయి. వాటిని అలా వదిలేసి పూర్తిగా ఎండనివ్వండి. ఎండాక అదే పొలం నేలలా బీటలు వారుతుంది. అప్పుడు సోల్‌లను ఒకదానికొకటి తట్టి, పొడి బ్రష్‌తో దులిపితే చాలావరకు పొలుసులుగా రాలిపోతుంది. ఈ పని బద్ధకించకుండా చేస్తే తర్వాత నీళ్లు, సబ్బు రెండూ సగమే చాలు.

రబ్బరు ముందు, గుడ్డ తర్వాత

రబ్బరు పట్టీ మీది నల్ల గీతలను మొదట తీసేయండి. గుడ్డ ఉతికాక రబ్బరు రుద్దితే ఆ నలుపంతా శుభ్రమైన గుడ్డ మీదికి కారుతుంది. తెల్ల టూత్‌పేస్ట్ కొంచెం తడి బ్రష్ మీద పెట్టి రబ్బరు మీదే రుద్దండి. జెల్ రకం, రంగు చారలున్న రకం వద్దు. పేస్ట్ గుడ్డకు అంటకుండా చూసుకోండి, నేతలో ఇరుక్కుంటే వదిలించడం కష్టం. తడి గుడ్డతో తుడిచేస్తే రబ్బరు పని అయిపోయినట్టే.

గుడ్డకు బట్టల సబ్బు, సర్ఫ్ పొడి వద్దు. రెండింట్లోనూ క్షారం ఎక్కువ, మందమైన గుడ్డలోంచి అంత త్వరగా పోవు. గిన్నెలు తోమే లిక్విడ్ గానీ, సున్నితమైన బట్టలకు వాడే లిక్విడ్ గానీ మేలు. అర లీటరు చల్లటి నీళ్లలో అర టీ స్పూను చాలు. ఇంత తక్కువేంటని అనిపిస్తుంది. కానీ ఎంత పోస్తే అంత తర్వాత వదిలించాలి.

షూను బకెట్లో ముంచకండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌ను సబ్బు నీళ్లలో ముంచి, విదిలించి, అరచేతిలో పట్టేంత భాగాన్ని ఒకసారికి రుద్దండి. నేత దారాల వెంటే నిలువుగా, అడ్డంగా పోవాలి. గుండ్రంగా గట్టిగా తిప్పితే నూలు నూగు లేస్తుంది, ఆ నూగుకు మరుసటి వారమే మళ్లీ దుమ్ము పడుతుంది. నురగ బూడిద రంగుకు తిరగగానే తెల్ల గుడ్డతో అద్ది ఎత్తేయండి. మురికి నురగ అక్కడే ఆరిపోతే అదే మరకవుతుంది. షూ నాలుక కింద, కుట్ల వెంట కాస్త నిదానంగా చేయండి. కూర చుక్క పడి ఉంటే దానికి ఒక్క చుక్క గిన్నెల లిక్విడ్ నేరుగా రాసి కాసేపు ఆగండి. కారం రంగు నూనెలో కరిగి ఉంటుంది, ముందు నూనె పోతే రంగూ వదులుతుంది.

మొత్తం తడి పని, అంటే ఉతకడం, జాడించడం కలిపి, ఒక్కో షూకు పావుగంట, ఇరవై నిమిషాలకు మించనివ్వకండి. రాత్రంతా బకెట్లో నానబెడితే గుడ్డకు వచ్చే లాభం తక్కువ, అట్టకు, గమ్ముకు జరిగే నష్టం ఎక్కువ. వాషింగ్ మెషీన్‌లో నానడంతో పాటు దెబ్బలు కూడా తగులుతాయి కాబట్టి అది అసలు వద్దు.

సబ్బు పోయిందని ఎలా తెలుస్తుంది?

షూను నోరు కిందికి ఉండేలా వాల్చి పట్టుకోండి. అప్పుడు నీళ్లు లోపల నిలవవు. మగ్గుతో సన్నటి ధారగా పోస్తూ, ఇంకో చేత్తో స్పాంజ్ పెట్టి గుడ్డను నొక్కుతూ వదలండి. నొక్కినప్పుడు లోపలి సబ్బు బయటికి వస్తుంది, వట్టి ధారకు అది రాదు. రబ్బరు అంచు పైనున్న గుడ్డకు ఎక్కువసేపు ఇవ్వండి, గీత వచ్చే చోటు అదే కదా.

నురగ ఆగింది కాబట్టి సబ్బు పోయిందనుకోవద్దు. మనింట్లోనే దీనికి ఒక మంచి పరీక్ష ఉంది. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి కదా. పసుపు క్షారం తగిలితే ఎరుపుకు తిరుగుతుంది, సర్ఫ్‌లోని క్షారానికీ అంతే. చిటికెడు పసుపును కొన్ని నీళ్లలో కలిపి, తెల్ల కాగితం ముక్కకు రాసి ఆరనివ్వండి. షూ గుడ్డను పిండితే వచ్చిన నీటి చుక్కను ఆ కాగితం మీద వేయండి. గోధుమ ఎరుపుకు తిరిగితే క్షారం ఇంకా ఉంది, మళ్లీ జాడించాలి. పోల్చి చూసుకోవడానికి పక్కనే మామూలు కుళాయి నీటి చుక్క కూడా వేయండి. ఇంతకు ముందు ఎవరో సర్ఫ్‌తో ఉతికిన షూస్‌కు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది, పాత సర్ఫ్ కూడా బయటపడుతుంది. గిన్నెల లిక్విడ్‌లో క్షారం చాలా తక్కువ కాబట్టి దాన్ని ఇది పట్టుకోలేదు. అక్కడ చేతి స్పర్శే నమ్మాలి. గుడ్డను రెండు వేళ్ల మధ్య రుద్దితే జారుడు లేకుండా గరగరగా ఉండాలి. కాగితాన్ని, పసుపు చేతులను మాత్రం షూస్‌కు దూరంగా ఉంచండి.

దీని తర్వాత పులుపు నీళ్లు. లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల తెల్ల వెనిగర్ కలిపి, స్పాంజ్‌తో గుడ్డంతా తడిపి రెండు నిమిషాలు ఆగండి. వెనిగర్ లేకపోతే కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు అర టీ స్పూను లీటరుకు చాలు. పరీక్షకు కూడా దొరకనంత కొద్దిగా మిగిలిన క్షారాన్ని ఇది విరిచేస్తుంది, బోరు నీళ్ల సున్నపు పొరనూ కరిగిస్తుంది. నిమ్మరసం మాత్రం పిండకండి. దాంట్లోని చక్కెర, గుజ్జు గుడ్డలో ఉండిపోయి ఆరాక మళ్లీ మరకేస్తాయి. పులుపు నీళ్ల తర్వాత క్యాను నీళ్లతో ఆఖరిసారి జాడించండి. వెనిగర్ ఎలాగూ ఆవిరైపోతుంది, నిమ్మ ఉప్పు పోదు కాబట్టి దానికి ఈ జాడింపు తప్పనిసరి.

ఆరబెట్టడం

పసుపు వచ్చేదీ రానిదీ ఇక్కడే తేలుతుంది. ముందు షూను మందమైన తువ్వాలులో చుట్టి, రెండు చేతులతో గట్టిగా అదమండి. పిండకండి, మెలితిప్పకండి. తువ్వాలు పీల్చుకున్న ప్రతి చుక్కా గుడ్డ మీద మరక వేయకుండా వెళ్లిపోయిన చుక్కే. లోపల పాత తెల్ల గుడ్డలు కుక్కండి. న్యూస్ పేపర్ వద్దు, సిరా అస్తరుకు అంటుతుంది.

ఇప్పుడు బయట. షూ ఇంకా తడిగా ఉండగానే తెల్ల టిష్యూ పేపర్‌ను గుడ్డకు అంటుకునేలా రెండు పొరలుగా చుట్టండి. ఇంట్లో పాత తెల్ల పంచె ఉంటే దాని ముక్క ఇంకా బాగా పనిచేస్తుంది. పల్చగా ఉంటుంది, తడిని ఇట్టే పీలుస్తుంది. ఆ ముక్కలో సర్ఫ్ ఉండకూడదు, ముందే మంచినీళ్లలో జాడించి ఆరబెట్టుకోండి. రబ్బరు అంచు దగ్గర ఖాళీ లేకుండా వేలితో నొక్కండి. దీని పని ఏమిటంటే, నీరు ఆవిరయ్యే చోటును షూ గుడ్డ నుంచి ఈ పై పొరకు మార్చడం. మరక వచ్చేదైతే దీని మీద వస్తుంది. ఆరాక విప్పితే పంచె ముక్క మీద రబ్బరు అంచు వెంట లేత పసుపు గీత కనిపిస్తుంది. అది మీ షూ మీద ఉండాల్సిన గీత. ఎక్కడైనా పంచె గుడ్డకు తగలకుండా లేచి ఉంటే సరిగ్గా అక్కడ షూ మీద మచ్చ వస్తుంది, అందుకే అంటుకుని ఉండటం అంత ముఖ్యం.

షూస్‌ను సోల్ పైకి వచ్చేలా బోర్లించి, రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్ట మీద నీడలో పెట్టండి. సోల్ కింద ఉంటే తడంతా దిగి గమ్ము అతుకు దగ్గర నిలుస్తుంది. గాలి బాగా ఆడాలి. ఫ్యాన్ కింద పెడితే చాలు. లోపలి గుడ్డలు తడిసినప్పుడల్లా మార్చండి, మొదటి పూట రెండు మూడు గంటలకొకసారి. సంక్రాంతి రోజుల పొడి గాలికి ఒక పగలూ ఒక రాత్రీ సరిపోతాయి. వానాకాలంలో రెండో రోజు కూడా ఫ్యాన్ తప్పదు. పైకి ఆరినట్టున్నా వేళ్లు లోపల షూ ముక్కు దాకా పెట్టి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

చాకలి తెల్ల బట్టల్ని ఎండలోనే కదా ఆరేస్తాడు, షూస్‌కేం అని అడగొచ్చు. పల్చటి నూలు గుడ్డకు, అదీ పది నీళ్లలో జాడించినదానికి, ఎండ మంచిదే, తెల్లదనం పెరుగుతుంది. షూలో ఆ గుడ్డతో పాటు గమ్ము, అట్ట, స్పాంజ్, రబ్బరు ఉన్నాయి. ఎండ వేడికి గుడ్డ పైపొర త్వరగా ఆరిపోతుంది, లోపలి తడి అదే చోటుకు సరుకు మోస్తూనే ఉంటుంది. పైగా తెల్ల రబ్బరు ఎండకు తానే పసుపెక్కుతుంది, ఆ పసుపు ఉతికితే పోదు.

ఇప్పటికే పసుపెక్కిన జత: ఒక ఉదాహరణ

మా అక్క కొడుకు గుంటూరులో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాడు. వానల్లో ఊరెళ్లి పొలం గట్ల మీద తిరిగి వచ్చాక, షూస్‌ను సర్ఫ్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, బోరు నీళ్లతో జాడించి, హాస్టల్ డాబా మీద ఎండేశాడు. విజయవాడ మా ఇంటికి తెచ్చేటప్పటికి రెండింటికీ రబ్బరు పైన వేలెడు మందాన పసుపు పట్టీ ఉంది. రంధ్రాల చుట్టూ మరకలు వేరే రంగులో, కాస్త ఎర్రగా ఉన్నాయి. ఒక షూకు వేళ్ల మడత దగ్గర గమ్ము కొద్దిగా లేచింది.

అలాంటప్పుడు రెండు మరకల్ని విడివిడిగా చూడాలి. ముందుగా పట్టీ ఉన్న చోట గుడ్డను మంచినీళ్లతో తడిపి, ఆ తడిని పసుపు కాగితానికి అద్దితే కాగితం ఎర్రబడింది. అంటే సర్ఫ్ ఇంకా లోపలే ఉంది. దానికి కొత్తగా సబ్బు అక్కర్లేదు. వట్టి నీళ్లతో నొక్కి నొక్కి జాడించి, వెనిగర్ నీళ్లు పెట్టి, మళ్లీ జాడించి, పంచె చుట్టి ఆరబెట్టాం. పట్టీ చాలావరకు పంచె మీదికి దిగింది. రంధ్రాల దగ్గరి ఎరుపు మాత్రం చెక్కు చెదరలేదు. అది ఇనుము, కొంత బోరు నీళ్లదీ కొంత రింగుల తుప్పుదీ.

ఇనుము మరకకు ఒక టీ స్పూను నిమ్మ ఉప్పును గ్లాసు గోరువెచ్చని నీళ్లలో కరిగించి, దూది చుట్టిన పుల్లతో మరక మీదే అద్దాలి. గోరువెచ్చన అంటే చేతికి హాయిగా ఉండేంతే. పది నిమిషాలు ఆగి క్యాను నీళ్లతో కడిగేయాలి. అవసరమైతే ఇంకోసారి చేయొచ్చు. ఎక్కువసేపు వదిలేస్తే రింగుల మీది మెరుపు పూత పోయి తుప్పు ఇంకా పెరుగుతుంది. లేత మరకలు ఇలా పోతాయి, ముదిరినవి కొంత మిగులుతాయి. మా వాడి షూస్‌కూ రెండు రంధ్రాల దగ్గర నీడలా మిగిలింది, లేసు వేస్తే కనిపించదు.

ఇనుము పోయిందని నమ్మకం కుదిరాక కూడా పట్టీ లేతగా మిగిలితే, మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. మామూలుగా 6 శాతం సీసా ఇస్తారు. దాన్ని అంతే నీళ్లతో కలిపి, చేతులకు గ్లవుజులు వేసుకుని, మరక మీద అద్ది పావుగంట తర్వాత బాగా కడగండి. ఇనుము ఉండగా దీన్ని వాడితే అక్కడ చర్య ఉధృతమై నూలు బలహీనపడుతుంది. అందుకే వరుస మార్చకూడదు.

వాడకూడనివి

క్లోరిన్ బ్లీచ్ చూడగానే తెల్లగా చేస్తుంది కాబట్టి అందరికీ మనసు దాని మీదికే పోతుంది. కానీ అది లోపలి స్పాంజ్‌ను పసుపెక్కిస్తుంది, ఇనుము ఉంటే దాన్ని తుప్పుగా మార్చి గుడ్డకు అంటగడుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బ్లీచ్ మీద వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ పడితే విషవాయువు వస్తుంది. ఈ రెండూ ఒకే బాత్రూములో ఒకే పూట వాడొద్దు.

వంట సోడా ముద్ద రాసి ఎండబెట్టమని చాలామంది చెబుతారు. సోడా కూడా క్షారమే, నేతలో పొడిగా ఉండిపోతే అదే పసుపు సమస్య. దాన్ని వెనిగర్‌తో కలిపితే పొంగు వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మిగిలేది ఉప్పు నీళ్లు. బడి పిల్లల పీటీ షూస్‌కు వేసే తెల్ల పాలిష్ శుభ్రం చేయదు, కప్పుతుంది. రెండు మూడు పూతలకే మడతల దగ్గర పగిలి, పగుళ్లలోకి దుమ్ము చేరుతుంది. శనివారం పీటీ క్లాసుకు తప్పదంటే ఉతికి పూర్తిగా ఆరిన షూ మీద పల్చగా ఒక్క పూతే వేయండి.

ఆరిన షూస్‌ను ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టకండి. లోపల చిక్కుకున్న తేమకు గమ్ము పాడవుతుంది, కొన్ని రకాల ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిర్లకు తెల్ల గుడ్డ పసుపెక్కుతుంది కూడా. తెల్ల గుడ్డ సంచి చాలు.

గమ్ము ఇప్పటికే లేచిన జత

ఊడిన సందులోని మట్టిని పొడి టూత్‌బ్రష్‌తో తీసేయండి. షూ మిగతా భాగాన్ని శుభ్రం చేయాలంటే ఆ చోటును వదిలి తడి గుడ్డతో తుడవండి. మా వాడి షూకు జాడించేటప్పుడు ఆ సందులోకి నీళ్లు పోకుండా బొటనవేలితో నొక్కిపట్టుకున్నాం. తర్వాత రెండు రోజులు ఫ్యాన్ గాలికి పెట్టి, సందులో టిష్యూ చుట్టిన పుల్ల దూర్చి తడి లేదని చూసుకున్నాకే గమ్ము పెట్టించాం. తడి మీద ఏ గమ్మూ పట్టదు.

క్షణాల్లో అతుక్కునే గమ్ము ఇక్కడ పనికిరాదు. ఆరాక అది గాజులా గట్టిపడుతుంది, నడకలో మడత పడగానే పగులుతుంది. నూలు మీద ఎక్కువగా పడితే ఉన్నట్టుండి వేడెక్కి చెయ్యి కాలుస్తుంది కూడా. చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు గమ్మే సరైనది. దాని రంగు లేత పసుపు కాబట్టి గుడ్డ అంచుకు ముందే కాగితం టేపు అంటించమని చెప్పండి. రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటకుండా కొద్దిగా జిగటగా ఉండేదాకా, అంటే సుమారు పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు గట్టిగా నొక్కాలి. రాసిన వెంటనే అతికిస్తే లోపల తడి గమ్ము ఇరుక్కుపోయి పట్టు రాదు. రబ్బరు మీద మెరుపు ఉంటే గరుకు కాగితంతో కాస్త గీరమనండి. అతికించాక చుట్టూ గుడ్డ పట్టీతో బిగించి కట్టి, ఒక రోజంతా వేసుకోకుండా ఉంచండి. మళ్లీ నీళ్లతో ఉతకడం కనీసం వారం తర్వాతే.